ఫంక్షన్ హాల్ ఖాళీ తేదీల పోస్ట్: క్యాప్షన్‌కి ముందు భోజనాల బంతి లెక్క వేయండి

అడిగింది: అన్నా, నాగోల్ దగ్గర మాకు ఫంక్షన్ హాల్ ఉంది. మాఘమాసంలో కొన్ని డేట్లు ఖాళీ ఉన్నాయి. కెపాసిటీ, సౌకర్యాలు, బుకింగ్‌కి ఎవరిని అడగాలి అన్నీ వచ్చేలా వాట్సాప్‌కి, ఫేస్‌బుక్‌కి క్యాప్షన్ ఎలా రాయాలి? ఇప్పటిదాకా పెట్టిన పోస్టులకి "రేటెంత" అని కామెంట్లు వస్తున్నాయి తప్ప హాల్ చూడటానికి ఎవరూ రావట్లేదు.

సమాధానం:

తమ్ముడూ, మీ పోస్ట్ చదివేది చాలావరకు అమ్మాయి నాన్నో, మేనమామో. పంతులుగారు ముహూర్తం రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రమే హాళ్ల కోసం ఫోన్లు మొదలుపెడతారు. వాళ్ల దగ్గర అప్పటికి ఖాయంగా ఉన్నవి మూడే విషయాలు: ముహూర్తం ఎప్పుడు, జనం సుమారుగా ఎంతమంది, వంట ఎవరికి ఇస్తున్నారు. మీ క్యాప్షన్ ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. "విశాలమైన ఏసీ హాల్, 1000 కెపాసిటీ, సకల సౌకర్యాలు" అనే మాట ఎల్బీనగర్ నుంచి కొంపల్లి దాకా అందరూ రాస్తారు. చదివేవాళ్లకి ఒక హాల్‌కీ ఇంకో హాల్‌కీ తేడా కనపడకపోతే ఇక పోల్చుకోవడానికి రేటొక్కటే మిగులుతుంది. మీకొస్తున్న కామెంట్లకి కారణం అదే.

అన్నిటికంటే ఎక్కువ పని కెపాసిటీ దగ్గరే ఉంది కాబట్టి దానితో మొదలుపెడదాం. మీ హాల్ కొలతలు నాకు తెలియవు. నాగోల్, వనస్థలిపురం వైపు మామూలుగా కనపడే సైజు ఒకటి తీసుకుని లెక్క వేస్తాను, మీ కొలతలు పెట్టి మీరూ వేసుకోండి.

హాల్ 60 అడుగుల వెడల్పు, 90 అడుగుల పొడవు అనుకుందాం. పొడవులో స్టేజీకి 20 అడుగులు పోతాయి. స్టేజీ ముందు ఫొటోగ్రాఫర్లు, వీడియో వాళ్లు, అక్షింతలు వేయడానికి లైన్లో నిలబడేవాళ్ల కోసం కనీసం 15 అడుగులు వదలాలి. ఎంట్రన్స్ దగ్గర ఇంకో 10 అడుగులు. ఇక కుర్చీలకి మిగిలింది 45 అడుగుల పొడవు. కుషన్ కుర్చీల వరసకీ వరసకీ మధ్య మనిషి నడవాలంటే ఒక్కో వరసకి 3 అడుగులు కావాలి, అంటే 15 వరసలు. వెడల్పులో మధ్య దారికి 6 అడుగులు, రెండు పక్కలా నాలుగేసి అడుగులు తీసేస్తే 46 అడుగులు మిగులుతాయి. కుర్చీకి అడుగూ ముప్పావు చొప్పున చూస్తే వరసకి 26 కుర్చీలు. మొత్తం 390. గోడల వెంట ఇంకో పది వేసినా 400 దగ్గరే ఆగుతుంది. ఇలాంటి హాల్‌కే బయట బోర్డు మీద 1000 అని రాసి ఉంటుంది.

ఇప్పుడు డైనింగ్ హాల్. అది 40 అడుగులు బై 60 అడుగులు అనుకుంటే 2400 చదరపు అడుగులు. చేతులు కడుక్కునే చోటు, వడ్డన సామాను పెట్టుకునే చోటు కలిపి ఓ 400 తీసేయండి. మిగిలిన 2000లో టేబుల్, కుర్చీ, వెనక వడ్డించేవాళ్లు తిరిగే దారి కలిపి ఒక మనిషికి 12 చదరపు అడుగులు పడుతుంది. అంటే ఒక బంతికి సుమారు 160 మంది. కూర్చోవడం, వడ్డన, తినడం, విస్తళ్లు తీయడం, పేపర్ మార్చి మళ్లీ వేయడం అన్నీ కలిపి బంతికి 45 నిమిషాలు. పన్నెండు నుంచి మూడింటి వరకు నాలుగు బంతులు లేస్తాయి. 640 మంది.

మీ హాల్ అసలు కెపాసిటీ చెప్పేది ఈ రెండో లెక్కే. పగలు పెళ్లిలో తలంబ్రాలు అవ్వగానే జనమంతా ఒక్కసారి భోజనాలకి లేస్తారు. డైనింగ్ చాలకపోతే తింటున్నవాళ్ల కుర్చీ వెనక తర్వాతివాళ్లు వచ్చి నిలబడతారు. తినేవాళ్లకి ముద్ద దిగదు, నిలబడ్డవాళ్లకి అవమానంగా ఉంటుంది, ఆడపెళ్లివారికి టెన్షన్. ఆ మాట హాల్ పేరుతో కలిసి ఊరంతా తిరుగుతుంది. అదే హాల్లో రాత్రి రిసెప్షన్ అయితే జనం ఏడున్నర నుంచి పదిన్నర దాకా వస్తూ పోతూ ఉంటారు, బఫే కాబట్టి కుర్చీ కోసం ఆగరు. అప్పుడు 900, 1000 మంది కూడా ఇబ్బంది లేకుండా తిని వెళ్తారు. కాబట్టి ఒకే అంకె వేయకండి. "స్టేజీ ముందు 400 కుర్చీలు, ఒక బంతికి 160 మంది, పగటి పెళ్లి భోజనానికి 640 వరకు, రాత్రి బఫేకి 1000 వరకు" అని విడదీసి రాయండి. 1000 మందితో పగటి పెళ్లి చేసేవాళ్లు ఈ లైన్ చూసి మీకు ఫోన్ చేయరు. చేయకపోవడమే మంచిది. 500 మంది వాళ్లు మాత్రం ధైర్యంగా చేస్తారు, ఎందుకంటే బంతి లెక్క ముందే చెప్పిన హాల్ వాళ్లకి ఇంకోటి దొరికి ఉండదు.

పార్కింగ్ కూడా ఇలాగే. "విశాలమైన పార్కింగ్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. తిరిగే దారితో కలిపి కారుకి పాతిక గజాలు లెక్కేయండి. రెండు వేల గజాల ఖాళీ స్థలం ఉంటే 80 కార్లు. పెళ్లి బస్సు లోపలికి వస్తుందా, గేటు దగ్గర మలుపు తిరుగుతుందా అన్నది కూడా ఒక మాట రాయండి. మీ వైపు నల్గొండ, సూర్యాపేట నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్ మీదుగా, వరంగల్ నుంచి వచ్చేవి ఉప్పల్ మీదుగా వస్తాయి. మగపెళ్లివారు జిల్లా నుంచి బస్సులో వస్తున్నప్పుడు చాలామంది నాగోల్ చుట్టుపక్కలే హాల్ చూసుకోవడానికి కారణం అదే. అడ్రస్ లైన్‌లో ఈ దారులు చెప్తే అది కూడా మీకు ఒక సౌకర్యం కిందే లెక్క.

ఇక తేదీల సంగతి. ఖాళీ తేదీల పోస్టుల్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, క్యాలెండర్‌లో అర్ధరాత్రి మారిపోతుంది. పంతులుగారు "శుక్రవారం రాత్రి 1 గంట 40 నిమిషాలకు" అని రాసిస్తే పెళ్లి జరిగే సమయానికి క్యాలెండర్‌లో శనివారం వచ్చేసి ఉంటుంది. అందుకే శుభలేఖల్లో "తెల్లవారితే శనివారం" అని వేయిస్తారు. ఓ కుటుంబం క్యాలెండర్ చూసుకుని శనివారానికి హాల్ బుక్ చేసింది. హాల్ వాళ్లు శనివారం అంటే ఆ రోజు సాయంత్రం నుంచి అని పుస్తకంలో రాసుకున్నారు. శుక్రవారం రాత్రికి అక్కడ వేరేవాళ్ల ఫంక్షన్ ఉంది. నెల ముందు డెకరేషన్ వాళ్లు టైం అడగడంతో బయటపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే శుభలేఖలు పంచేశాక ఇంకో హాల్ వెతుక్కోవాల్సి వచ్చేది.

కాబట్టి క్యాప్షన్‌లో "ఫిబ్రవరి 12 ఖాళీ" అని వదిలేయకండి. "12 శుక్రవారం సాయంత్రం 6 నుంచి 13 శనివారం ఉదయం 5 వరకు" అని తేదీ, వారం, మొదలు, ముగింపు నాలుగూ రాయండి. నెల, సంవత్సరం తప్పకుండా ఉండాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన పోస్ట్ ఏడాది తర్వాత కూడా ఎవరి ఫోన్‌లోనో తిరుగుతూ ఉంటుంది.

టైం స్లాట్ రాసేటప్పుడు మండపం డెకరేషన్‌ని మర్చిపోకండి. పూలతో మండపం కట్టాలంటే ఐదారు గంటలు కావాలి. పగటి ఫంక్షన్ నాలుగింటికి ఖాళీ అయ్యి, రాత్రి వాళ్లకి ఆరింటికి తాళం ఇస్తే ఏడున్నర రిసెప్షన్‌కి స్టేజీ సగమే తయారవుతుంది. మీరు ఒకే రోజు రెండు ఫంక్షన్లు ఇచ్చేటట్టయితే ఆ మాట ముందే చెప్పండి. ఇవ్వకపోతే దాన్ని పెద్ద అక్షరాల్లో చెప్పుకోండి, "రోజుకి ఒకే ఫంక్షన్" అన్న మాటకి ఉన్న విలువ ఏ ఏసీకీ లేదు.

సౌకర్యాల విషయంలో ఉన్నవన్నీ వరసగా పేర్చడం కంటే ఫోన్‌లో ఎలాగూ అడిగే నాలుగింటికి పూర్తి జవాబు ఇవ్వడం మేలు. మొదటిది జనరేటర్. ఉందని అందరూ రాస్తారు. కరెంటు పోతే ఏసీలు కూడా నడుస్తాయా, లైట్లు ఫ్యాన్లే నడుస్తాయా, డీజిల్ ఎవరిది అన్నది రాసేవాళ్లు తక్కువ. వైశాఖంలో, జ్యేష్ఠంలో జరిగే పెళ్లిళ్లకి ఇదే ప్రధానం. రెండోది వంట. బయట వంటవాళ్లని రానిస్తారా, రానిస్తే వాళ్ల దగ్గర మీరేమైనా డబ్బు తీసుకుంటారా, వంటశాలలో నాన్‌వెజ్ వండొచ్చా. హైదరాబాద్‌లో ఈ చివరి ప్రశ్నకి జవాబు ముందే చెప్పడం ఇద్దరికీ మంచిది. వండనివ్వని హాల్ అయితే శాకాహారం మాత్రమే అని రాయండి, అలాంటి హాలే కావాలని వెతికేవాళ్లు కూడా ఉన్నారు. మూడోది గదులు. పెళ్లికూతురికి, పెళ్లికొడుకుకి అటాచ్డ్ బాత్‌రూమ్‌తో విడిగా గదులున్నాయా, ముందురోజు రాత్రి ఎంతమంది పడుకోవచ్చు. నాలుగోది, డైనింగ్ పై అంతస్తులోనో సెల్లార్‌లోనో ఉంటే లిఫ్ట్ సంగతి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు లేని పెళ్లి ఉండదు.

దాంతో పాటు ఒక నిబంధన తప్పకుండా రాయండి. శబ్ద కాలుష్యం మీద 2000లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. మూసి ఉన్న హాల్ లోపల, శబ్దం బయటకి రాకుండా పెట్టుకోవడం వేరు. లాన్‌లో డీజే, గేటు ముందు బరాత్ పదింటికి ఆగాలన్నమాట. ఇది బుకింగ్ అయ్యాక చెప్తే గొడవ, పోస్ట్‌లోనే ఉంటే ఎవరూ అనడానికి లేదు.

రేటు రాయాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటారు చాలామంది. రాయమనే నా సలహా. "ఇన్‌బాక్స్ చూడండి" అన్న జవాబుకి పెళ్లి పనుల్లో ఉన్నవాళ్లు ఆగరు. రోజును బట్టి రేటు మారితే "ఇంత నుంచి మొదలు" అని రాసి, అందులో ఏం కలిసి ఉందో, ఏది విడిగా కట్టాలో పక్కనే చెప్పండి. కరెంటు మీటర్ రీడింగ్ ప్రకారమా, క్లీనింగ్ ఛార్జీ ఉందా, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అద్దె మీద 18 శాతం విడిగా పడుతుందా. లక్షన్నర అనుకుని వచ్చినవాళ్లు చివర్లో రెండు లక్షల బిల్లు చూస్తే మళ్లీ మీ హాల్ పేరు ఇంకొకరికి చెప్పరు.

ఇప్పుడు మొత్తం కలిపి రాస్తే ఇలా ఉంటుంది. తేదీలు, అంకెలు, రేటు నమూనాకే, మీవి పెట్టుకోండి.

> నాగోల్‌లో పెళ్లి హాల్ ఖాళీ: ఫిబ్రవరి 2027 (మాఘమాసం)
> పగటి పెళ్లి భోజనం 640 మంది వరకు, రాత్రి బఫే 1000 మంది వరకు.
>
> ఖాళీ తేదీలు
> 12 శుక్రవారం సాయంత్రం 6 నుంచి 13 శనివారం ఉదయం 5 వరకు
> 17 బుధవారం ఉదయం 5 నుంచి సాయంత్రం 4 వరకు
> 21 ఆదివారం ఉదయం 5 నుంచి 22 సోమవారం ఉదయం 5 వరకు (పూర్తి రోజు)
> రోజుకి ఒకే ఫంక్షన్. డెకరేషన్ వాళ్లు మీ టైం మొదలవడానికి 6 గంటల ముందే రావచ్చు.
>
> హాల్: ఏసీ, స్టేజీ ముందు 400 కుర్చీలు. డైనింగ్ విడిగా, ఒక బంతికి 160 మంది. డైనింగ్‌కి లిఫ్ట్ ఉంది.
> గదులు: పెళ్లికూతురికి, పెళ్లికొడుకుకి అటాచ్డ్ బాత్‌రూమ్‌తో చెరొక ఏసీ గది, చుట్టాలకి మరో 4 గదులు.
> వంట: మీ వంటవాళ్లనే తెచ్చుకోవచ్చు, అదనపు డబ్బు లేదు. వెజ్, నాన్‌వెజ్ రెండూ వండొచ్చు. వంటపాత్రలు, నీళ్లు హాల్ తరఫునే.
> కరెంటు: జనరేటర్‌తో ఏసీలు కూడా నడుస్తాయి. డీజిల్, కరెంటు మీటర్ ప్రకారం విడిగా.
> పార్కింగ్: 80 కార్లు, 2 బస్సులు గేటు లోపలే.
> గమనిక: రాత్రి 10 తర్వాత ఆరుబయట డీజే, బ్యాండ్ లేవు.
>
> అద్దె: ₹1,50,000 నుంచి. జీఎస్టీ, క్లీనింగ్ విడిగా.
> ఎక్కడ: నాగోల్ మెట్రో స్టేషన్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే రోడ్డు మీద.
>
> బుకింగ్‌కి: మేనేజర్, 98XXXXXXXX (ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు)
> వాట్సాప్: https://wa.me/9198XXXXXXXX
> ముహూర్తం తేదీ, సమయం, జనం ఎంతమంది, వెజ్ లేదా నాన్‌వెజ్, ఈ నాలుగూ పంపండి. అదే రోజు జవాబు ఇస్తాం.
> హాల్ చూడటానికి ఫోన్ చేసి రండి. అడ్వాన్స్ ఆఫీసులోనే, రసీదుతో.
> (ఈ తేదీలు డిసెంబర్ 1, 2026 నాటికి ఖాళీ)

మొదటి రెండు లైన్లలో ఏరియా, నెల, జనం అంకె వచ్చేలా ఎందుకు రాశానంటే ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పైన కొంచెమే కనపడి మిగతాది దాగిపోతుంది. "శుభవార్త", "మీ కలల వేడుకకి" అని మొదలుపెడితే ఆ కనపడే కాస్తా వృథా. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు హెడ్డింగ్‌కి అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే అక్షరాలు బొద్దుగా వస్తాయి. ఫేస్‌బుక్ మామూలు పోస్ట్‌లో అవి అలాగే గుర్తులుగా మిగులుతాయి కాబట్టి అక్కడ తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింక్ నొక్కితే తెరుచుకోదు, అక్కడ ఫోన్ నంబర్ చాలు.

తేదీలు, ఫోన్ నంబర్ ఫ్లెక్సీ లాంటి బొమ్మలో మాత్రమే వేయించకండి. బొమ్మలో నంబర్‌ని నొక్కి నేరుగా ఫోన్ చేయడం చాలామందికి రాదు. ఒక తేదీ బుక్ అయితే బొమ్మంతా మళ్లీ చేయించాలి. అక్షరాల్లో ఉంటే ఫేస్‌బుక్‌లో ఎప్పుడైనా దిద్దొచ్చు. వాట్సాప్‌లో పంపిన పావుగంట దాటితే దిద్దడానికి ఉండదు, అందుకే ఆ చివరి లైన్‌లో ఏ రోజు నాటి జాబితానో రాయడం. బొమ్మగా హాల్ ఫొటోలే పెట్టండి. అందులో ఒకటి బంతి వేసి ఉన్న డైనింగ్ హాల్‌ది అయి ఉండాలి. పూల స్టేజీ ఫొటో ఒక్కటే పెడితే అది డెకరేషన్ వాళ్ల పనితనం, మీ హాల్ కాదు. యూపీఐ క్యూఆర్ కోడ్ మాత్రం పోస్ట్‌లో పెట్టొద్దు. మీ పోస్ట్‌ని కాపీ చేసి తన క్యూఆర్ అతికించి అడ్వాన్స్ లాగేవాడికి అది దారి చూపిస్తుంది. "ఆఫీసులోనే, రసీదుతో" అన్న మాట ఆ నమూనాలో ఉన్నది అందుకే.

ఫోన్ వచ్చాక ముందుగా అడగాల్సింది ముహూర్తం కాగితం ఫొటో. పంపమనండి. అది చూసి మీరే స్లాట్ చెప్పండి, వాళ్లు చెప్పిన తేదీని నేరుగా పుస్తకంలో ఎక్కించకండి. అబ్బాయి తరఫు వాళ్లు ఒప్పుకోవాలని అడిగితే ఒక రోజు ఆపి ఉంచండి. ఎన్నింటి వరకు ఆపారో మెసేజ్‌లో రాసి పంపండి. ఆ టైం దాటాక ఒకసారి ఫోన్ చేసి, ఆ తర్వాతే ఇంకొకరికి ఇవ్వండి. తేదీ బుక్ అయిన రోజే ఫేస్‌బుక్ పోస్ట్‌లో ఆ లైన్ పక్కన "బుక్ అయింది" అని చేర్చండి. లైన్‌ని తీసేయడం కంటే ఇదే మంచిది. మూడు తేదీల్లో ఒకటి పోయిందని కనపడితే మిగతా రెండింటి కోసం ఆలోచిస్తున్నవాళ్లు హాల్ చూడటానికి ఆ వారమే బయల్దేరతారు.